జపాన్ కంపెనీకి ‘కుదరదు’ అని రాయడం ఎలా?

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ఉందనుకుందాం. కొన్నేళ్లుగా టోక్యోలోని ఒక ట్రేడింగ్ కంపెనీకి వనామీ రొయ్య పంపుతోంది. తల తీసి, పెంకుతోనే బ్లాకులుగా గడ్డకట్టించిన సరుకు. నాణ్యత మీద పేచీ లేదు, డబ్బు వేళకి వస్తోంది. నవంబర్ మొదటి వారంలో అక్కణ్ణించి ఒక మెయిల్ వచ్చింది. వచ్చే ఏప్రిల్ నుంచి ‘నోబాషి’ రొయ్య కూడా చేసి పంపగలరా, నెలకో కంటైనర్ తీసుకుంటాం, రెండేళ్ల ఒప్పందం, ఆ రెండేళ్లూ ఈ తరహా సరుకు జపాన్‌లో ఇంకెవరికీ అమ్మకూడదు, నెలాఖరులోగా మీ అభిప్రాయం తెలిస్తే సంతోషం. ఇదీ అందులోని సంగతి.

నోబాషి అంటే టెంపురా కోసం సాగదీసిన రొయ్య. తోక ఉంచి మిగతా పెంకు ఒలిచి, నల్లనరం తీసి, కడుపువైపు అడ్డంగా చిన్న చిన్న గాట్లు పెట్టి, మెల్లగా నొక్కి పొడుగు చేస్తారు. అలా చేస్తేనే నూనెలో వేశాక వంకర తిరగకుండా నిటారుగా వేగుతుంది. ఒకే పొడవున్న వాటిని లెక్కపెట్టి ట్రేలో పేర్చి, గాలి తీసేసి ప్యాక్ చేసి గడ్డకట్టిస్తారు. చాలావరకు చేతిపనే. వియత్నాం, థాయిలాండ్, ఇండోనేషియా ప్లాంట్లు ఇందులో ఆరితేరాయి. మన యజమాని లెక్క వేసి చూసుకున్నాడు. దీనికి విడిగా హాలు కావాలి, మనుషులకి పని నేర్పాలి, చెప్పిన ధరలో మిగిలేది తక్కువ, పైగా రెండేళ్లు ఒకే కొనుగోలుదారుకి కట్టుబడి ఉండాలి. వద్దనుకున్నాడు. అయితే పాత వ్యాపారం మాత్రం చెడకూడదు.

ఈ ప్లాంటు, ఈ మెయిల్ ఇక్కడ చెప్పుకోవడానికి కల్పించినవే. చిక్కు మాత్రం నిజమైనది. ముఖం మీద కాదనడం మర్యాద కాదనుకునే దేశంలోని భాగస్వామికి కాదని మెయిల్ రాయాలి. ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి, ఏది రాయకూడదు?

రెండు జవాబులు, రెండూ చేటే

ఇలాంటప్పుడు మనవాళ్లు రాసే జవాబులు సాధారణంగా రెండు రకాలు. అమెరికా కొనుగోలుదారులతో మెలిగిన వాళ్లయితే మూడు వాక్యాల్లో ముగిస్తారు: “ప్రతిపాదనకు ధన్యవాదాలు. ఈ ధరకి మాకు గిట్టదు. అంగీకరించలేం.” న్యూయార్క్‌కి ఇది చక్కటి జవాబే, ఎవరి సమయమూ వృథా కాలేదు. టోక్యోలో మాత్రం ఇది ఏమీ ఆలోచించకుండా తిప్పికొట్టినట్టు కనిపిస్తుంది. ధర పేరెత్తారు కాబట్టి అటు మనిషి తను వేసిన ధరే తప్పని పదిమందిలో అనిపించుకోవలసి వస్తుంది.

రెండో రకం మన మొహమాటం రాయించే జవాబు: “చాలా మంచి ఆలోచన. తప్పకుండా పరిశీలిస్తాం. త్వరలో చెబుతాం.” వాళ్లు కూడా నేరుగా కాదనరు కదా, ‘చూద్దాంలెండి’ అంటే వాళ్లకీ అర్థమవుతుందిలే అని మనకో ధీమా. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. సంబంధం కుదరదని చెప్పడానికి మనవాళ్లు వాడే ‘ఇంట్లో మాట్లాడి చెబుతాం’ అన్న మాట మన ఊళ్లో ఎవరికైనా అర్థమవుతుంది. గొంతు, చూపు, మధ్యలో వచ్చిన మౌనం, చెప్పిన మనిషి స్వభావం అన్నీ కలిసి అర్థం చెబుతాయి. ఇంగ్లీషు మెయిల్లో వాటిలో ఒక్కటీ వెళ్లదు. జపాన్ వాళ్లకీ ఇలాంటి మాటలున్నాయి. తమలో తాము ‘పరిశీలిస్తాం’ అనుకుంటే అది చాలాసార్లు కాదనడమే. ఐతే మన నోట అదే మాట వస్తే దాన్ని ఏ లెక్కన తీసుకోవాలో వాళ్లకి తెలియదు. దేశాల మధ్య పనితీరు తేడాల మీద 2014లో ‘ది కల్చర్ మ్యాప్’ రాసిన ఎరిన్ మేయర్ దీన్నే గట్టిగా హెచ్చరిస్తారు: సూచనగా మాట్లాడే రెండు వేర్వేరు సమాజాలవాళ్లు ఎదురుపడినప్పుడే అపార్థాలకి ఎక్కువ ఆస్కారమని. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడతారు, ఒకరి సూచన ఇంకొకరికి అందదు.

మరి ‘పరిశీలిస్తాం’ అని రాస్తే టోక్యోలో ఏమవుతుంది? అక్కడి ఉద్యోగి తన పట్టికలో ఈ పని ఎదురుగా ‘జవాబు రావాలి’ అని రాసుకుంటాడు. వారం సమావేశంలో అదే చెబుతాడు. పదిరోజులకి మర్యాదగా గుర్తుచేస్తాడు. ఇటునుంచి ‘ఇంకా చూస్తున్నాం’ అని వెళుతుంది. డిసెంబర్ వచ్చేస్తుంది. ఏప్రిల్ సరుకు కోసం వియత్నాంలో ఇంకో ప్లాంటుని అడగాలంటే ఆలస్యమైపోతుంది. అప్పుడు ఆయనకి మన మీద కోపం రావడం కంటే పెద్ద నష్టం ఇంకోటుంది. తను నమ్మి చెప్పిన సరఫరాదారు గురించి పైవాళ్ల దగ్గర ఆయన మాట పోతుంది.

మెయిల్ చదివేది ఒక్కరే కాదు

ఇక్కడ జపాన్ కంపెనీలో నిర్ణయాలు ఎలా జరుగుతాయో కాస్త తెలుసుకోవాలి. మనకి మెయిల్ రాసే ఉద్యోగి సాధారణంగా నిర్ణయం తీసుకునే మనిషి కాడు. ఆ పని చూసే బాధ్యత ఆయనది, అంతే. కొత్త సరుకు తేవాలన్న ఆలోచన ఆయనకి వచ్చి ఉండొచ్చు. దాన్ని ముందుగా పక్క విభాగాల వాళ్లతో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి ఒప్పిస్తాడు. దీన్ని నెమవాషి అంటారు. ఆ తర్వాత కాగితం మీదో కంప్యూటర్లోనో ప్రతిపాదన రాసి పైకి పంపుతాడు. సెక్షన్ అధికారి, విభాగం అధికారి, అవసరమైతే నాణ్యతా విభాగం, ఆర్థిక విభాగం వరసగా ముద్ర వేస్తారు. ఈ పద్ధతి పేరు రింగి. మన చేతికి ప్రతిపాదన వచ్చేసరికి చాలాసార్లు అటుపక్క కొంతమంది అప్పటికే ‘సరే, అడిగి చూడు’ అని ఉంటారు.

కనుక మన తిరస్కారం ఆయన ఒక్కడి దగ్గర ఆగదు. ఆయన దాన్ని పైవాళ్లకి చూపించాలి, చాలావరకు అలాగే ఫార్వర్డ్ చేస్తాడు. మనల్ని ఎప్పుడూ చూడని విభాగం అధికారి దాన్ని తెరిచి చదువుతాడు. ఆయనకి తెలియాల్సినవి కొన్నే. వీళ్లు నిజంగా ఆలోచించారా? ఎందుకు కాదన్నారు? మనవాడు ఏదైనా తప్పు చేశాడా? ఇప్పుడున్న సరుకు మీద దీని ప్రభావం ఉంటుందా? ఈ ప్రశ్నలకి జవాబు ఉన్న మెయిల్ మన మిత్రుణ్ణి కాపాడుతుంది. లేని మెయిల్ ఎంత తియ్యగా ఉన్నా ఆయన్ని ఇరుకున పెడుతుంది. జపాన్‌కి తిరస్కారం రాసేటప్పుడు పట్టుకోవాల్సిన సూత్రం ఇదొక్కటే: మన ఎదుటి మనిషి తన పైఅధికారికి నిశ్చింతగా పంపగలిగేలా రాయాలి. మాటల ఎంపిక, సమయం, కారణం అన్నీ దీని వెనకే వస్తాయి.

వాళ్లూ కాదంటారు, రాతలో

‘జపనీయులు కాదనరు’ అన్న మాట బాగా ప్రచారంలో ఉంది. 1974లో కెయికో ఉయేదా అనే పరిశోధకురాలు జపాన్‌లో కాదనకుండా తప్పించుకునే 16 దారుల మీద ఒక వ్యాసం రాశారు. మౌనం, మాట మార్చడం, ఎదురు ప్రశ్న, ఆలస్యం చెయ్యడం, క్షమాపణ వంటివి అందులో ఉన్నాయి. ఆ దారులు ఎక్కువగా ఎదురెదురుగా కూర్చున్నప్పటివి. గదిలో అందరి ముందూ ఒకరి మాట కొట్టిపారెయ్యకూడదన్నది అక్కడి మర్యాద.

రాతకి వచ్చేసరికి సంగతి వేరు. జపాన్ వ్యాపార ఉత్తరాల్లో తిరస్కారానికి స్థిరపడిన ఒక పద్ధతే ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి నమూనా ఉత్తరాల పుస్తకాల్లో అది నేర్పుతారు. ముందు మామూలు పలకరింపు, ఆపైన ప్రతిపాదన తెచ్చినందుకు కృతజ్ఞత, తర్వాత ‘మా కంపెనీలో జాగ్రత్తగా ఆలోచించిన మీదట’ అన్న మాట. దాని వెంట నొప్పి తగ్గించే ఒక క్షమాపణ. ఇలాంటి మెత్తని మాటల్ని వాళ్లు ‘కుషన్ మాటలు’ అనే అంటారు. ఆ మెత్త వెనకాల నిర్ణయం ఉంటుంది: ‘ఈసారికి ముందుకు వెళ్లలేకపోతున్నాం’. చివర అర్థం చేసుకోమని కోరడం, ఇకముందూ మా మీద దయ ఉంచమనడం. చదివేవాడికి నిర్ణయం దగ్గర ఇసుమంత అనుమానం ఉండదు. మెత్తదనమంతా చుట్టూ ఉన్న మాటల్లోనే.

కాబట్టి మనం కొత్త లౌక్యం కనిపెట్టక్కర్లేదు. ఉత్తరం ఇంగ్లీషులోనే వెళ్లినా ఈ వరస పాటిస్తే చాలు, చదివేవాళ్లకి అది తెలిసిన దారిలా అనిపిస్తుంది.

మెయిల్ కంటే ముందు చేయాల్సినవి

ప్రతిపాదన అందిన రోజో మర్నాడో ఒక చిన్న జవాబు పంపాలి. అందింది, ధన్యవాదాలు, మా ఉత్పత్తి విభాగంతో చూసి ఫలానా తేదీలోగా చెబుతాం అని. ఇందులో ‘బాగుంది’, ‘తప్పకుండా’, ‘ఆశాజనకంగా ఉంది’ లాంటి మాటలు పెట్టకూడదు. అటుపక్క వాటిని అలాగే ఎత్తి నివేదికలో రాసుకుంటారు. తేదీ చెబితే దానికి కట్టుబడాలి. మన భీమవరం యజమాని నవంబర్ 20 అని రాశాడనుకుందాం.

అసలు జవాబు మొదటి రోజే సిద్ధంగా ఉన్నా అప్పుడే పంపకూడదు. పైవాళ్లతో అన్ని మెట్లూ ఎక్కించి తెచ్చిన ప్రతిపాదనని ఒక పూటలో కాదంటే చదవనేలేదనుకుంటారు. అలాగని ఆయన ఇచ్చిన గడువు చివరిరోజు దాకా ఆపకూడదు. వేరే ప్లాంటుని వెతుక్కోవడానికి ఆయనకి సమయం మిగలాలి. వారం నుంచి రెండు వారాల మధ్య మంచి సమయం. జపాన్ కంపెనీల్లో చాలావాటి ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. ఏప్రిల్‌లో మొదలవ్వాల్సిన పనుల లెక్కలు చలికాలంలోనే తేలిపోతాయి. నవంబర్‌లో చెప్పిన ‘కుదరదు’ని వాళ్లు సర్దుకోగలరు, ఫిబ్రవరిలో చెబితే అది దెబ్బ. ఏప్రిల్ చివర, మే మొదట్లో వచ్చే గోల్డెన్ వీక్, ఆగస్టు మధ్యలో ఒబోన్, సంవత్సరాంతపు సెలవులు, ఈ మూడింటికి ముందురోజు ఇలాంటి మెయిల్ పంపకపోవడం మేలు.

అన్నిటికన్నా విలువైనది మెయిల్‌కి ముందు ఒక ఫోనో వీడియో కాలో. ఇది మనవైపు నుంచి చేసే నెమవాషి. మెయిల్ పంపడానికి ఒకటి రెండు రోజుల ముందు ఆయనతో మాత్రమే మాట్లాడాలి. పూర్తి కారణాలు చెప్పక్కర్లేదు. “మావాళ్లతో అన్నివిధాలా చూశానండీ, నోబాషి విషయం కొంచెం కష్టంగానే కనిపిస్తోంది, ఎల్లుండి మెయిల్లో వివరంగా రాస్తాను” అంటే చాలు. ‘కష్టం’ అన్న మాట దగ్గరే ఆయన గ్రహిస్తాడు. తన పైఅధికారి చెవిన ముందుగా వేసుకుంటాడు. మర్నాడు మెయిల్ వచ్చినప్పుడు ఎవరూ ఉలిక్కిపడరు. ఎవరైనా ఉలిక్కిపడాల్సి వస్తే అది అక్కడ మర్యాద తప్పినట్టే.

జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. మనం పొద్దున్నే ఏడున్నరకి పంపితే అక్కడ పదకొండు. మన శుక్రవారం సాయంత్రం నాలుగుకి పంపితే అక్కడ రాత్రి ఏడున్నర. చెడ్డ కబురు శనాదివారాలంతా ఆయన ఫోన్‌లో కూర్చుంటుంది, మాట్లాడదామంటే ఎవరూ దొరకరు. మంగళ, బుధవారాల ఉదయం పంపితే అదే రోజు ఆయన పైవాళ్లతో మాట్లాడి తేల్చుకోగలడు.

ఇదిగో ఆ మెయిల్

యజమాని పంపిన ఇంగ్లీషు మెయిల్‌ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. సబ్జెక్ట్ లైనులో ‘తిరస్కారం’ అనో ‘విచారం’ అనో లేదు. ‘నోబాషి రొయ్య ప్రతిపాదన: మా జవాబు’ అని ఉంది.

“[ఇంటిపేరు] సాన్ గారికి,

ఎప్పటిలాగే మీ సహకారానికి కృతజ్ఞతలు. అక్టోబర్ సరుకు సకాలంలో చేరిందని మీ కార్యాలయం నుంచి కబురు అందింది, సంతోషం.

నవంబర్ 5న మీరు పంపిన నోబాషి ప్రతిపాదనకి మనఃపూర్వక ధన్యవాదాలు. కొత్త సరుకుకి ముందుగా మమ్మల్ని తలచుకోవడం మాకు గౌరవం. మీరు ఇచ్చిన సైజులు, ట్రే ప్యాకింగ్ వివరాలు పట్టుకుని మా ఉత్పత్తి, నాణ్యతా విభాగాలు రెండూ కూర్చుని చూశాయి. గాట్లు పెట్టే పని నమూనాగా చేయించి కూడా చూశాం.

ఇంత శ్రద్ధగా సిద్ధం చేసిన ప్రతిపాదనకి ఈ మాట రాయడం మాకు కష్టంగా ఉంది. ఈసారికి నోబాషి ఉత్పత్తిని మేం చేపట్టలేకపోతున్నాం. దయచేసి మన్నించండి.

మా హాళ్లూ, శిక్షణ ఉన్న మనుషులూ ఇప్పటికే ఒప్పుకున్న సరుకుకి వచ్చే ఏడాది చివరి దాకా సరిపోతారు. ఇంకో పని కలిపితే మీ మార్కెట్ ఆశించే సమానమైన పొడవు, ఆకారం నెలనెలా నిలకడగా ఇవ్వగలమన్న నమ్మకం మాకు లేదు. అలాంటి స్థితిలో ఒప్పుకోవడం మీకూ మీ కొనుగోలుదారులకీ ఇబ్బంది తెస్తుందని అనుకున్నాం.

ఇప్పుడు పంపుతున్న బ్లాకు రొయ్యకి దీనితో ఏ సంబంధమూ లేదు. జనవరి నుంచి మార్చి దాకా మీరు అడిగిన పరిమాణం సిద్ధంగా ఉంటుంది. షిప్‌మెంట్ తేదీలు వచ్చే వారం పంపుతాం.

మీ ప్రయత్నానికి మరోసారి కృతజ్ఞతలు. ఇకముందు కూడా మీ ఆదరణ కోరుకుంటూ...”

ఈ మెయిల్ వెళ్లింది ఆయనకీ, మొదటి మెయిల్లో ఆయన కాపీ పెట్టిన వాళ్లకీ మాత్రమే. కొత్తగా ఆయన పైఅధికారి పేరు చేర్చడం పెద్ద పొరపాటు. అది ఆయన్ని దాటి వెళ్లడం. ఎవరికి చూపాలో, ఏ మాటతో చూపాలో ఆయనే చూసుకుంటాడు.

కారణమే కీలకం

ఈ మెయిల్లో అన్నిటికన్నా ఆలోచించి రాసింది కారణం. యజమాని మనసులో ఉన్న కారణాలు నాలుగు: హాలు లేకపోవడం, మనుషుల కొరత, ధర, రెండేళ్ల షరతు. నాలుగూ నిజమే. మెయిల్లోకి మొదటి రెండే వెళ్లాయి.

ధర ఎందుకు వెళ్లలేదు? ధర గిట్టదంటే అది కాదనడం కాదు, బేరం మొదలు. ఆయన పై అధికారిని ఒప్పించి ఇంకొంచెం పెంచి తెస్తాడు. అప్పుడు మళ్లీ కాదంటే మొదట చెప్పింది అబద్ధమని తేలుతుంది. రెండేళ్ల షరతు సంగతీ అంతే. ‘ఆ షరతు తీసేశాం, ఇప్పుడు ఒప్పుకుంటారా’ అని వారంలో జవాబు వస్తుంది. నిజంగా ఆ రెండు విషయాల్లో మారితే ఒప్పుకునేవాళ్లయితే అది తిరస్కారమే కాదు. అప్పుడు ఈ ఉత్తరం రాయకూడదు, బేరమే ఆడాలి. ఈ తేడాని కలం పట్టకముందే తేల్చుకోవాలి.

ఇక మనుషుల కొరత ఒక్కటే రాస్తే? జపాన్ కంపెనీలు ఇలాంటప్పుడు తమ నిపుణుణ్ణి పంపి పని నేర్పిస్తామంటాయి. ఆ తలుపూ మూయాలి. అందుకే యజమాని కొరతని నాణ్యతతో ముడిపెట్టాడు. ఒప్పుకున్న సరుకుకే మనుషులు సరిపోతారు, ఇంకో పని కలిపితే నిలకడ ఉండదు అన్నాడు. జపాన్ కొనుగోలుదారుకి అన్నిటికన్నా పెద్ద భయం ఒక నెల బాగుండి ఇంకో నెల తేడా చేసే సరుకు. ‘మీ నాణ్యత ఇవ్వలేమేమో’ అన్న సరఫరాదారుని బలవంతపెట్టే అధికారి అక్కడ అరుదు. ఆ ఉద్యోగి కూడా పైవాళ్లతో ‘వాళ్లే జాగ్రత్తపడ్డారండీ’ అని చెప్పుకోగలడు. ఎవరి తప్పూ లేకుండా విషయం ముగుస్తుంది.

అయితే నాణ్యత పేరెత్తడంలో ఒక ప్రమాదమూ ఉంది. చదివిన పెద్దమనిషికి ‘మరి ఇప్పుడు పంపుతున్న రొయ్య సంగతేంటి?’ అన్న అనుమానం రావచ్చు. కాబట్టే ఆ వెంటనే పాత సరుకుకి దీనితో సంబంధం లేదని, రాబోయే నెలల పరిమాణం సిద్ధంగా ఉంటుందని విడిగా రాశాడు. ఆ పేరా మర్యాద కోసం రాసింది కాదు, పైవాళ్ల నాలుగో ప్రశ్నకి జవాబు.

కారణం ఎంత వివరంగా చెప్పాలి? తిరస్కారాల మీద 1990లో బీబీ, తకహాషి, ఉలిస్-వెల్ట్జ్ అనే ముగ్గురు చేసిన పరిశోధన బాగా తెలిసినది. అమెరికన్ల కారణాలతో పోలిస్తే జపనీయులు చెప్పే కారణాలు అంత నిర్దిష్టంగా ఉండవని, అవతలి మనిషి హోదా బట్టి వాళ్ల మాట తీరు మారుతుందని అందులో తేలింది. ‘రకరకాల పరిస్థితుల వల్ల’ అని రాసి ఊరుకునే ఉత్తరాలు జపాన్‌లో మామూలే. వాళ్లలో వాళ్లకి అది చెల్లుతుంది. పరాయి దేశం నుంచి వచ్చిన మెయిల్లో అంత పలచని కారణం ఉంటే దాచిపెట్టినట్టు ఉంటుంది. అలాగని అంకెలు, పట్టికలు, ఐదారు కారణాలు పేర్చకూడదు. కారణాల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో దానికి విడిగా జవాబు వస్తుంది. మన వైపు నుంచి పుట్టిన కారణం ఒక్కటి, రెండు మూడు వాక్యాల్లో చాలు.

అది నిజమై ఉండాలన్నది కూడా వ్యాపార అవసరమే. జపాన్ కొనుగోలుదారులు ప్లాంటు చూడటానికి వస్తారు, హాళ్లు తిరుగుతారు, మనుషుల్ని లెక్కపెట్టుకుంటారు. ఆరునెలల తర్వాత ఇంకో జపాన్ కంపెనీకి మనం నోబాషి మొదలుపెడితే దిగుమతిదారుల చిన్న లోకంలో ఆ కబురు దాగదు.

‘ఈసారికి’ అన్నందుకు

మెయిల్లో నిర్ణయం ఒకే వాక్యంలో ఉంది. ‘చేపట్టలేకపోతున్నాం’ అన్న క్రియ స్పష్టం. దానికి ముందున్న ‘ఈసారికి’ జపాన్ పద్ధతిలో మెత్త. దీన్ని వాళ్లు తలుపు తెరిచి ఉంచడంగా కాక మర్యాదగానే తీసుకుంటారు. ఇంతకు మించి ఇంకేం కలిపినా ఇబ్బందే. ‘వచ్చే ఏడాది తప్పకుండా’, ‘పరిస్థితులు మారితే ముందు మీకే’ లాంటివి రాస్తే ఆయన దాన్ని మాట ఇచ్చినట్టుగానే రాసుకుంటాడు. వచ్చే నవంబర్‌లో గుర్తుచేస్తాడు. చేసే ఉద్దేశం ఉంటే తప్ప రాయకూడదు.

బదులుగా ఇంకోటి చూపడమన్నది కూడా ఆలోచించి చెయ్యాలి. మన ప్లాంటులో ఇప్పటికే ఒలిచి, నరం తీసి, తోక ఉంచిన రొయ్య చేస్తుంటే దాని నమూనా పంపుతామనొచ్చు. ఆ మాట రాస్తే నమూనా వెళ్లి తీరాలి. ఇక ‘మా పక్క ప్లాంటు వాళ్లు చేస్తారు, అడగండి’ అనడం మనకి సాయంలా అనిపిస్తుంది. జపాన్‌లో ఒకరిని పరిచయం చెయ్యడమంటే వాళ్లకి పూచీ పడటం లాంటిది. ఆ ప్లాంటు సరుకు తేడా చేస్తే మాట మన మీదికి వస్తుంది. మనం నిజంగా పూచీ పడగలిగితేనే ఆ పేరు చెప్పాలి.

అందిందో లేదో ఎలా తెలుస్తుంది?

మెయిల్ పని చేసిందనడానికి గుర్తు ఒకటి రెండు రోజుల్లో వచ్చే చిన్న జవాబు. అర్థమైంది, విచారంగా ఉన్నా మీ పరిస్థితి తెలిసింది, ఇకముందూ కలిసి పనిచేద్దాం అన్న ధోరణి. దాంట్లో ‘పైవాళ్లకి తెలియజేశాను’ అని ఉంటే మన ఉత్తరం చేరాల్సిన చోటికి చేరిందన్నమాట. దీనికి తిరిగి రెండు వాక్యాల కృతజ్ఞత పంపి ఆపేయాలి. మళ్లీ మళ్లీ క్షమాపణలు చెబితే అవతలి వాళ్లు మళ్లీ మళ్లీ ఓదార్చాల్సి వస్తుంది.

‘ప్రత్యేకంగా ఏ విషయం కష్టంగా ఉంది?’ అని అడిగితే కారణంలో ఎక్కడో సందు మిగిలిందని అర్థం. ఆ ప్రశ్న పైఅధికారి అడిగి ఉండొచ్చు. అప్పుడు కొత్త కారణం వెతకకూడదు. మొదటి కారణాన్నే ఇంకొంచెం విప్పి, నిర్ణయాన్ని అవే మాటల్లో మళ్లీ చెప్పాలి. కారణం మారిందంటే నిర్ణయమూ మారొచ్చని అనుకుంటారు.

జవాబే రాకపోతే, లేదా వచ్చినా ఆ తర్వాత మెయిళ్లన్నీ బిల్లులు, కంటైనర్ నంబర్ల వరకే మిగిలి ఆయన పలకరింపు తగ్గిపోతే, ఆర్డరు పరిమాణం చిన్నగా జారుతుంటే, ఎక్కడో నొచ్చుకున్నారు. దాన్ని మెయిల్లో బాగుచెయ్యడం కష్టం. మనిషి వెళ్లాలి. ఆగస్టులో టోక్యోలో జరిగే అంతర్జాతీయ సీఫుడ్ ప్రదర్శనకి మన ఎగుమతిదారులు ఎలాగూ వెళుతుంటారు. ఆ పేరుతో వాళ్ల ఆఫీసుకి వెళ్లి, ఆయన పైఅధికారి ఎదుటే “ఆరోజు మా కోసం మీరు చాలా శ్రమపడ్డారు” అని ఆయన్ని మెచ్చుకుంటే ఆయన పోగొట్టుకున్న మాట కొంత తిరిగొస్తుంది.

అందరికీ ఇదే కొలత కాదు

అమెరికాలో పదేళ్లు పనిచేసి వచ్చిన జపాన్ మేనేజర్ మూడు వాక్యాల మెయిలే ఇష్టపడొచ్చు. చిన్న స్టార్టప్ నడిపే యువకుడికి రింగి మెట్లే ఉండకపోవచ్చు. ఆయన రాసే మెయిళ్లే కొలబద్ద. ఆయన పలకరింపులు లేకుండా నేరుగా విషయంలోకి వస్తుంటే మనమూ అలాగే రావచ్చు. ప్రతి మెయిల్‌నీ కృతజ్ఞతతో మొదలుపెట్టే మనిషికి మాత్రం పూర్తి వరస పాటించాలి. థాయిలాండ్‌కో ఇండోనేషియాకో ఇదే ఉత్తరం పేరు మార్చి పంపడం కూడా సరికాదు. నేరుగా కాదనకపోవడం ఆ దేశాల్లోనూ ఉంది, కాని అక్కడ కాగితం కంటే మనిషితో ఉన్న పరిచయం పెద్దది. చాలాచోట్ల ఫోన్లోనే తేల్చి, మెయిల్‌ని నమోదు కోసం పంపుతారు.

పంపే బటన్ నొక్కేముందు చేయదగ్గ పని ఒకటుంది. మనల్ని ఎన్నడూ చూడని ఆ విభాగం అధికారి కుర్చీలో కూర్చుని మెయిల్‌ని ఒకసారి చదువుకోవాలి. ఒప్పుకున్నారా లేదా అన్నది ఒక్క వాక్యంలో దొరుకుతోందా? కారణం చదివాక ‘అయితే ఇది మార్చి అడుగు’ అని కిందివాడికి చెప్పాలనిపిస్తోందా? ప్రతిపాదన తెచ్చిన తన ఉద్యోగిని తప్పుపట్టడానికి ఏదైనా దొరుకుతోందా? వచ్చే నెల సరుకు గురించి భయం కలుగుతోందా? మొదటిదానికి అవును, మిగతా మూడింటికి కాదు అని వస్తే ఆ మెయిల్ పంపొచ్చు. అలా రాకపోతే దిద్దాల్సింది మర్యాద మాటల్ని కాదు. చాలాసార్లు కారణం రాసిన ఆ రెండు వాక్యాల్లోనే లోపం దొరుకుతుంది.